ఏడాది డబ్బు ముందే కట్టేవాళ్ళకు ఎంత తగ్గించాలి? మీ బిల్లుల నుంచే ధర తేల్చే పద్ధతి

నెలనెలా డబ్బు తీసుకుని ఏదైనా సేవ అమ్ముతున్న వాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "ఏడాదికి ఒకేసారి కడతామంటే ఎంత తగ్గించాలి? 20 శాతమా, రెండు నెలలు ఫ్రీనా?" పక్కవాళ్ళు ఎంత ఇస్తున్నారో చూసి అంతే ఇచ్చేయడం మామూలుగా జరిగే పని. అలా చేయకండి. మీకు సరిపోయే అంకె మీ పాత బిల్లుల్లోనే ఉంటుంది.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటూ ట్యూషన్ సెంటర్లకు హాజరు, ఫీజుల లెక్క చూసే చిన్న సాఫ్ట్‌వేర్ అమ్ముతాను. నెలకు ₹1,000, జీఎస్టీ అదనం. మొదట్లో ఒక దసరాకు 40 శాతం తగ్గించి ఏడాది ప్లాన్ పెట్టాను. 60 సెంటర్లు ₹7,200 చొప్పున కట్టాయి. వారం రోజుల్లో ₹4,32,000 చేతికొచ్చింది. కొత్త ఆఫీసుకు అడ్వాన్సు కట్టి, ఒక మనిషిని పెట్టుకున్నాను. సంక్రాంతి వచ్చేసరికి ఆ డబ్బు అయిపోయింది. ఆ 60 సెంటర్ల ఎస్సెమ్మెస్‌లకూ ఫోన్ సపోర్టుకూ మాత్రం నెలకు ₹15,000 పోతూనే ఉంది, వాళ్ళ నుంచి రూపాయి రాదు. ఆ తర్వాత రెండేళ్ళకు పైగా ఏడాది ప్లాన్ ఆపేశాను. ఆ కాలంలో పోగైన నెలవారీ బిల్లులే ఈ పద్ధతికి ఆధారం.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

- కనీసం ఏడాది బిల్లుల జాబితా: ఎవరు ఏ నెలలో కట్టారో తెలిస్తే చాలు.
- ఒక కస్టమర్‌కు నెలకు మీ చేతి నుంచి పోయే ఖర్చు. అద్దె, జీతాలు కాదు. ఆ కస్టమర్ లేకపోతే మిగిలిపోయే ఖర్చు మాత్రమే.
- మీకు అప్పు ఉంటే, దాని వడ్డీ.

ఏడాది బిల్లులు ఇంకా లేనివాళ్ళు తొందరపడొద్దు. అంతవరకు ఒక నెలకు మించి తగ్గించకండి. ఒకసారి పెద్ద తగ్గింపు చూపించాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

1. ఒక బ్యాచ్‌ను పట్టుకోండి

ఏడాది ఆఫర్ ఏదీ లేని రోజుల్లో ఒకే నెలలో చేరిన వాళ్ళను తీసుకోండి. ప్రతి నెలా వాళ్ళలో ఎంతమంది కట్టారో వరుసగా రాయండి. ఒక జూన్‌లో నా దగ్గర చేరిన 40 సెంటర్ల వరుస ఇది:

జూన్ 40, జులై 36, ఆగస్టు 34, సెప్టెంబర్ 32, అక్టోబర్ 31, నవంబర్ 30, డిసెంబర్ 29, జనవరి 29, ఫిబ్రవరి 28, మార్చి 27, ఏప్రిల్ 23, మే 21.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు, మొత్తం కస్టమర్లలో ఈ నెల ఎంతమంది మానేశారో చూసి దాన్నే పన్నెండుతో గుణించడం. మానేయడం అన్ని నెలల్లో ఒకేలా ఉండదు. నా వరుస చూడండి, మొదటి మూడు నెలల్లోనే ఎనిమిది పోయాయి. తర్వాత మూడు నెలల్లో మూడే పోయాయి.

ఇంకో జాగ్రత్త. ఏప్రిల్, మే నెలల్లో తగ్గినవాళ్ళందరూ వెళ్ళిపోయినట్టు కాదు. పరీక్షలయ్యాక సెంటర్ మూసి, స్కూళ్ళు తెరిచాక మళ్ళీ వచ్చేవాళ్ళుంటారు. మరుసటి జూన్‌లో ఈ 21 మళ్ళీ 25 అయింది. మీ వ్యాపారంలో ఇలాంటి సీజన్ ఉంటే, ఆగినవాళ్ళ పేర్లు కొట్టేయకండి. కట్టని నెలకు సున్నా వేసి, తిరిగొచ్చిన నెలలో మళ్ళీ లెక్కలోకి తీసుకోండి.

2. సగటున ఎన్ని నెలలు కట్టారో చూడండి

పన్నెండు నెలల అంకెలు కూడి, మొదటి నెల అంకెతో భాగించండి. షీట్‌లో B నుంచి M వరకు నెలలుంటే:

```
=SUM(B2:M2)/B2
```

నా బ్యాచ్‌లో మొత్తం 360 నెలల బిల్లులు వచ్చాయి. 360ని 40తో భాగిస్తే 9. అంటే కొత్తగా చేరిన సెంటర్ ఒకటి మొదటి ఏడాదిలో సగటున తొమ్మిది నెలలే కడుతుంది. నేను ₹12,000 అనుకుంటున్నది నిజానికి ₹9,000. తగ్గింపును ఈ తొమ్మిది వేల నుంచి చూడాలి, పన్నెండు వేల నుంచి కాదు.

3. పాతవాళ్ళను వేరుగా లెక్కించండి

దసరా ఆఫర్‌లో నేను నష్టపోయింది ఎక్కువగా ఇక్కడే కాబట్టి ఈ మెట్టు దగ్గర కాసేపు ఆగండి.

అదే బ్యాచ్‌లో నవంబర్ దాకా నిలబడిన 30 సెంటర్లు ఆ నవంబర్ నుంచి మరుసటి అక్టోబర్ వరకు ఎన్ని బిల్లులు కట్టాయో చూశాను. మొత్తం 309, అంటే సగటున 10.3 నెలలు. వేసవిలో ఆగినవాళ్ళను కలిపి కూడా ఇంత వచ్చింది. అయిదు నెలలు వాడి ఆరో నెల కూడా కట్టినవాడు అంత తొందరగా పోడు.

ఆ దసరాకు ఏడాది ప్లాన్ తీసుకున్న 60లో ఎక్కువమంది ఇలాంటి పాతవాళ్ళే. నెలనెలా అడిగి ఉంటే ఒక్కొక్కరు ₹10,300 దాకా కట్టేవాళ్ళు. నేను ₹7,200 తీసుకుని, మంచి బేరం చేశాననుకున్నాను. మనిషికి ₹3,100 చొప్పున ఊరికే వదిలేశానన్నమాట.

కొత్తవాళ్ళలో కూడా ఈ సమస్య కొంత ఉంటుంది. చేరిన మొదటి రోజే ₹10,000 కట్టేవాడు వాడుకుంటానని గట్టిగా అనుకున్నవాడు. వాడు బహుశా సగటు కంటే ఎక్కువ నెలలే ఉండేవాడు. అందుకే రెండో మెట్టులో వచ్చిన సగటును అంతకంటే కిందికి దిగకూడని గీతగా చూడండి. అదే మీ ధర అనుకోకండి.

4. ఖర్చు కలపండి

నాకు ఒక సెంటర్‌కు నెలకు సుమారు ₹250 ఖర్చు. నెలవారీ కస్టమర్ తొమ్మిది నెలలు కడితే నాకు మిగిలేది 9 × 750, అంటే ₹6,750. ఏడాది కట్టినవాడు పన్నెండు నెలలూ వాడితే అతని మీద నా ఖర్చు ₹3,000. కాబట్టి నెలవారీతో సమానంగా మిగలాలంటే ఏడాది ధర 6,750 + 3,000 = ₹9,750 ఉండాలి.

పాతవాళ్ళకు అదే లెక్క: 10.3 × 750 = 7,725. దానికి 3,000 కలిపితే ₹10,725.

వేసవిలో సెంటర్ మూసేస్తే నిజానికి ఖర్చు ఇంకాస్త తక్కువే అవుతుంది. నేను మాత్రం పన్నెండు నెలలూ వాడతారనే లెక్కిస్తాను. ఖర్చు తక్కువ వేసుకుని తర్వాత ఇబ్బంది పడటం కంటే ఇదే మేలు.

ఖర్చు దాదాపు లేని వ్యాపారమైతే ఈ మెట్టు వదిలేయొచ్చు. మనిషి వెళ్ళి చేయాల్సిన సేవైతే, అంటే ఇంటికొచ్చి నీటి ఫిల్టర్ మార్చడం లాంటిదైతే, అసలు ధర తేల్చేది ఈ మెట్టే.

5. ముందే వచ్చిన డబ్బు విలువ ఎంత?

నెలవారీలో మొదటి నెల డబ్బు ఎలాగూ మొదటి రోజే వస్తుంది. రెండో నెలది ఒక నెల ముందు వచ్చినట్టు, పన్నెండోది పదకొండు నెలల ముందు వచ్చినట్టు. సగటు తీస్తే అయిదున్నర నెలలు.

మీకు రూపాయిన్నర వడ్డీకి అప్పు ఉందనుకోండి. 5.5 × 1.5 = నూటికి రూ. 8.25. ₹12,000 మీద ఇది సుమారు వెయ్యి, అంటే ఒక నెల బిల్లు. మధ్యలో మానేసేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి ఇంకా తక్కువే. రూపాయి వడ్డీ అయితే నూటికి అయిదున్నర.

ఆ డబ్బుతో నిజంగా అప్పు తీర్చేటట్టయితేనే ఈ లాభం లెక్కలో వేసుకోండి. కరెంట్ అకౌంట్‌లో ఊరికే పడి ఉండే డబ్బుకు ఈ విలువ సున్నా. ముందే డబ్బు వస్తుందన్న ఒక్క కారణంతో రెండు, మూడు నెలలు తగ్గించేవాళ్ళు ఈ అంకె ఒకసారి వేసి చూడాలి. రూపాయిన్నర వడ్డీ దాకా అయితే, ఈ ఒక్క కారణానికి ఒక నెల మించి రాదు.

6. ధర రాయండి

నా అంకెలతో కొత్తవాళ్ళకు ₹9,750 దగ్గర సమానం అవుతుంది. కాబట్టి రెండు నెలలు తగ్గించి ₹10,000 పెట్టినా కాస్త మిగులుతుంది. పాతవాళ్ళకు ₹10,725 దగ్గర సమానం, అంటే ఒక నెల మాత్రమే తగ్గించి ₹11,000.

రెండు ధరలు పెడితే గొడవ. కొత్తపేటలో ఒక సెంటర్ నడిపేవారికి, ఆ పక్క వీధిలో ఇంకో సెంటర్ నడిపేవారికి రోజూ మాటలుంటాయి. "నాలుగేళ్ళ నుంచి కడుతున్నా, నాకు పదకొండా?" అని అడిగితే మన దగ్గర జవాబు ఉండదు. అందుకే ఇప్పుడు నేను అందరికీ ఒకే ధర పెట్టాను: పదకొండు నెలల డబ్బుకు పన్నెండు నెలలు. దాంతో పాటు, ఏడాది కట్టినవాళ్ళకు మరుసటి ఏడాది కూడా ధర పెంచనని బిల్లు మీదే రాసిస్తాను. పాతవాళ్ళు తగ్గింపు కంటే ఈ మాటకే ఎక్కువ విలువిచ్చారు.

ఒకేసారి అంత కట్టలేమనే వాళ్ళకు ఆరు నెలల ప్లాన్ పెట్టొచ్చు. దానికీ ఇదే లెక్క. నా బ్యాచ్‌లో మొదటి ఆరు నెలల బిల్లులు 203, సగటు అయిదు నెలల పైన. ఖర్చు కలిపితే ₹5,300 దగ్గర సమానం అవుతుంది. ₹5,500 పెట్టాను.

ధర చూపించేటప్పుడు "నెలకు ₹917 మాత్రమే" అని పెద్ద అక్షరాల్లో వేసి, ఏడాదికి ఒకేసారి కట్టాలన్న మాట కింద చిన్నగా వేయొద్దు. కట్టేచోట ₹12,980 కనిపించగానే జనం ఫోన్ పక్కన పెట్టేస్తారు. జీఎస్టీతో కలిపి మొత్తం ఎంతో ముందే చెప్పండి.

7. ఎప్పుడు అడగాలి?

నేను మొదట్లో ఆర్థిక సంవత్సరం ముగిసేలోపు అని మార్చిలో అడిగేవాణ్ణి. ఒక్కరూ కట్టేవారు కాదు. మలక్‌పేటలో ఒక సెంటర్ నడిపే పెద్దాయన తన ఫీజుల రిజిస్టర్ తెరిచి నా ముందు పెట్టారు. జూన్, జులై పేజీల నిండా సంతకాలు, రసీదు నంబర్లు. ఫిబ్రవరి నుంచి పేజీకి నాలుగైదు పేర్లే. "జూన్‌ల అడుగు తమ్మీ, ఒక్కసారే ఇస్తా. మార్చిల అడిగితే నా దగ్గర పైసలెక్కడివి?" అన్నారు.

అప్పటి నుంచి జూన్ మూడో వారంలో అడుగుతున్నాను. మీ కస్టమర్ చేతిలో డబ్బు ఆడే నెల ఏదో కనుక్కోండి. అది తెలియక చాలామంది, ఎవరూ కట్టడం లేదు కాబట్టి తగ్గింపు సరిపోలేదని ఇంకా పెంచేస్తారు. నెల మార్చి చూడకుండా తగ్గింపు పెంచకండి.

8. డబ్బు వచ్చిన రోజే చేయాల్సినవి

జీఎస్టీ పక్కన పెట్టండి. సేవలకు సంబంధించి బిల్లు ఇచ్చిన తేదీ, డబ్బు అందిన తేదీ, ఈ రెండిట్లో ఏది ముందైతే అప్పుడే పన్ను బాధ్యత పడుతుంది. పన్నెండు నెలలకు పంచి కట్టుకునే వీలు లేదు. ₹11,000 మీద ₹1,980 వెంటనే లెక్కలోకి వస్తుంది. దసరా ఆఫర్ అయ్యాక మరుసటి నెల రిటర్నుతో నేను ఒకేసారి ₹77,760 కట్టాల్సి వచ్చింది. అప్పటికి ఆ డబ్బులో సగం ఆఫీసు అడ్వాన్సుగా వెళ్ళిపోయింది.

మిగిలిన డబ్బును వేరే ఖాతాలో వేయండి. ప్రతి నెలా అందులో పన్నెండో వంతు మాత్రమే వాడకం ఖాతాలోకి మార్చుకోండి. ₹11,000 అయితే నెలకు ₹917. అప్పు తీర్చడానికి వాడితే మాత్రం, రాబోయే నెలల ఖర్చుకు నెలకు ₹250 చొప్పున మిగిల్చి, ఆ పైనున్నదే వాడండి.

మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో బిల్లు మీద రాయండి. నా పద్ధతి: మొదటి 30 రోజుల్లో వద్దంటే మొత్తం వెనక్కి. ఆ తర్వాతైతే వాడిన నెలలకు నెలవారీ ధర తీసుకుని మిగిలింది ఇస్తాను. నాలుగు నెలలు వాడి ఆపితే 11,000 − 4,000 = ₹7,000. దీన్ని పన్నెండో వంతుల్లో లెక్కేస్తే ₹7,333 వస్తుంది, మానేసినవాడికి కూడా తగ్గింపు ఇచ్చినట్టవుతుంది. తిరిగిచ్చేటప్పుడు క్రెడిట్ నోట్ ఇవ్వడం మర్చిపోవద్దు. లేకపోతే మీరు కట్టిన జీఎస్టీ సర్దుబాటు కాదు.

ఆటోపే పెట్టుకునేవాళ్ళకు ఒక మాట. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం మామూలు సబ్‌స్క్రిప్షన్లకు ఒక్కోసారి ₹15,000 వరకే ఓటీపీ గానీ పిన్ గానీ మళ్ళీ అడగకుండా డబ్బు తీసుకోవచ్చు. 2022 జూన్‌కు ముందు ఈ పరిమితి ₹5,000. నా ₹12,980 అందులో పడుతుంది. మీ నెల ధర ₹2,000 అయితే ఏడాది మొత్తం పరిమితి దాటిపోతుంది, రెన్యూవల్ దానంతటదే జరగదు, మీరే ఫోన్ చేసి అడగాలి. పరిమితి లోపల ఉన్నా, 24 గంటల ముందు బ్యాంకు పంపే మెసేజ్ మీద ఆధారపడకండి. నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మీరే చెప్పండి. చెప్పకుండా పదమూడు వేలు కట్ అయితే ఎవరికైనా కోపమొస్తుంది.

9. ఏడాది తర్వాత సరిచూసుకోండి

ఎంతమంది ఏడాది ప్లాన్ తీసుకున్నారన్నది చూసి సంతోషపడకండి. తగ్గింపు పెంచితే ఆ సంఖ్య ఎలాగూ పెరుగుతుంది. చూడాల్సింది ఒకటే: ఆఫర్ ఉన్నప్పుడు చేరిన బ్యాచ్ మొత్తం, ఏడాదివాళ్ళూ నెలవారీవాళ్ళూ కలిపి, తలకు ఎంత ఇచ్చారు?

ఆఫర్ లేనప్పుడు నా బ్యాచ్ తలకు ₹9,000 ఇచ్చింది. తర్వాత ఒక జూన్‌లో రెండు నెలలు తగ్గించి పెట్టాను. చేరిన 44లో 14 సెంటర్లు ఏడాదికి కట్టాయి, ₹1,40,000. మిగిలిన 30 నెలనెలా కట్టినవి ₹2,58,000. మొత్తం ₹3,98,000, తలకు ₹9,045. అంటే రెండు నెలలు వదులుకుంటే నాకు తలకు ₹45 పెరిగింది. ఆ 14లో చాలామంది ఎలాగూ ఉండేవాళ్ళేనని దీన్నిబట్టి అర్థమైంది. మరుసటి ఏడాది ఒక నెలే తగ్గించి, ధర పెంచననే మాట చేర్చాను. 42లో 11 సెంటర్లు తీసుకున్నాయి, ₹1,21,000. మిగిలిన 31 నుంచి ₹2,71,000. తలకు ₹9,333.

ఈ తేడాను చూసి ఒక నెలే సరైనదని తేల్చేయలేను. 42 సెంటర్లలో రెండు సెంటర్లు ఇంకో ఆరు నెలలు ఎక్కువ ఉంటే చాలు, తలకు ₹286 మారిపోతుంది. కానీ రెండు నెలలు తగ్గించినప్పుడు ఒక నెల కంటే ఎక్కువేమీ రాలేదన్నది మాత్రం కనిపిస్తోంది. అందుకని తక్కువ ఖర్చయ్యేదాన్నే ఉంచాను. వందల్లో కస్టమర్లు ఉన్నవాళ్ళకు ఈ పోలిక ఇంకా గట్టిగా నిలబడుతుంది.

ఏడాదివాళ్ళ వాడకాన్ని పదో నెలలో కూడా ఒకసారి చూడండి. మా సెంటర్లకైతే అది మార్చి. అందరూ వాడుతూనే ఉంటే, తగ్గింపు ఎలాగూ ఉండేవాళ్ళకే వెళ్ళింది, వచ్చే ఏడాది ఆ తగ్గింపునే ఇంకాస్త చిన్నది చేయొచ్చు. చాలామంది సగంలోనే వాడటం మానేసి ఉంటే, ఈ ఏడాది మీకు డబ్బు మిగిలింది గానీ వాళ్ళు రెన్యూవల్‌కు రారు. ఆ పేర్లు తీసి, రెన్యూవల్ మెసేజ్ వెళ్ళేలోపే ఒక్కొక్కరికి ఫోన్ చేసి ఎందుకు ఆపారో అడగండి. నా దగ్గర అలా దొరికిన ముగ్గురిలో ఇద్దరికి, హాజరు వేసే అమ్మాయి మానేసి, కొత్తగా వచ్చినామెకు పాస్‌వర్డ్ ఎవరూ చెప్పలేదు.